నాటుకోడి పచ్చడికి వీసా రాదు

గాలికుంటు అడ్డం పడుతుంది

పుల్లలచెరువు, యర్రగొండపాలెం వైపు గొడ్లున్న ఏ ఇంట్లో అడిగినా గాలికుంటు అంటే ఏమిటో చెబుతారు. గిట్టల సందున పుండ్లు పడతాయి, నోట్లో బొబ్బలు లేస్తాయి, గేదె మేత మానేస్తుంది, పాలు దిగజారిపోతాయి. పశువుల డాక్టరు వచ్చి సూది వేసి పోతాడు. మన మటన్ పచ్చడిని అమెరికా విమానాశ్రయంలో చెత్తబుట్టలో వేయించేది ఈ జబ్బే. ఆ దేశంలో గాలికుంటు చివరిసారిగా కనిపించింది 1929లో. మళ్లీ రానివ్వకూడదని, ఆ జబ్బు ఉన్న దేశాల మాంసాన్ని ప్రయాణికుల పెట్టెల్లో అడుగు పెట్టనివ్వరు. ఇంట్లో ఎంత వేయించినా, ఎంత కారం పట్టించినా ఒప్పుకోరు. ముక్కలోపలి దాకా ఎంత వేడి తగిలిందో ఆ పచ్చడి సీసా చూసి ఎవరూ చెప్పలేరు కదా.

మరీ అతిగా భయపడుతున్నారు అనుకునేవాళ్లు 2001లో బ్రిటన్‌లో జరిగింది తెలుసుకోవాలి. ఇంగ్లండ్ ఉత్తరాన నార్తంబర్లాండ్‌లో ఒక పందుల దొడ్డి ఉండేది. హోటళ్లలో మిగిలిన తిండిని సరిగా ఉడికించకుండా అక్కడి పందులకు పెట్టారు. ఆ తిండిలో దొంగచాటుగా వచ్చిన మాంసం కలిసి ఉంటుందని తర్వాత అధికారులు అనుమానించారు. అక్కడ మొదలైన గాలికుంటు దేశమంతా పాకింది. దాన్ని ఆపడానికి 60 లక్షలకు పైగా పశువులను, గొర్రెలను, పందులను చంపాల్సి వచ్చింది. ఒక్క తినుబండారపు మూట అంత పని చేయగలదు.

నాటుకోడి పచ్చడి కథ వేరే జబ్బులది. కోళ్లకు వచ్చే కొక్కెర తెగులు, బర్డ్ ఫ్లూ. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్ల ఫారాలు దెబ్బతిన్న సంగతి మనకు గుర్తే. కాబట్టి కోడి పచ్చడి, మటన్ పచ్చడి, కీమా పొడి ఏవైనా అమెరికాకు, బ్రిటన్‌కు, ఆస్ట్రేలియాకు పెట్టొద్దు. అమ్మ కన్నీళ్లు పెట్టుకున్నా పెట్టొద్దు. ఒక ఉపాయం ఉంది. ప్రయాణానికి ముందు రాత్రి ఆ పచ్చడితోనే అన్నం పెట్టి పంపితే సరి.

మాంసమే కాదు, పాలదీ ఇదే కథ. ఒంగోలు గిత్తలు 1960ల మొదట్లో ఓడలెక్కి బ్రెజిల్ పోయి అక్కడ పెద్ద పెద్ద మందలకు మూలమయ్యాయి. ఇప్పుడు అదే జాతి ఆవు పాలతో చేసిన కోవా బిళ్ల ఆస్ట్రేలియాలో గడప దాటదు. కారణం మళ్లీ గాలికుంటే. కోవా, బర్ఫీ, పేడా, రసమలై, పాలు కలిసిన మిఠాయి ఏదైనా అక్కడ తీసిపారేస్తారు. బ్రిటన్ కూడా మన దేశం నుంచి ప్రయాణికులు తెచ్చే పాల పదార్థాలను ఒప్పుకోదు.

రొయ్యకు ఆ బాధ లేదు

చేపకు గాలికుంటు రాదు, కోడిజబ్బూ రాదు. అందుకని సొంత వాడకానికి సరిపడా చేప, రొయ్య అమెరికాకు తీసుకెళ్లవచ్చు, ఎండువైనా పచ్చడైనా సరే. మెట్ట ప్రాంతపు మనకు రొయ్య ఒంగోలు వైపు నుంచి రావాల్సిందే గానీ, నాన్‌వెజ్ పచ్చడి లేకుండా పంపలేం అనుకునే ఇంటికి ఉన్న దారి ఇదొక్కటే. సీసా మీద అందులో ఉన్నది రొయ్య అని ఇంగ్లీషులో రాయడం మరవకండి. ఎర్రటి నూనెలో మునిగిన ముక్క చేపదో మేకదో చూపుకు తెలియదు, అనుమానం వస్తే అధికారి తీసేస్తాడు.

బియ్యపు మూటలో పురుగు

ఇది నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించే కథ. ఖప్రా అని ఒక పెంకు పురుగు ఉంది. బియ్యపు గింజకంటే చిన్నది, గోధుమ రంగులో ఉంటుంది. దీని పిల్లపురుగు ఒళ్లంతా నూగుతో ఉండి గింజల్లోనే కాకుండా గోనెసంచి కుట్లలో, గోడ పగుళ్లలో కూడా దూరి కూర్చుంటుంది. తిండి దొరక్కపోతే చావదు. కదలకుండా పడి ఉండి సంవత్సరాల తరబడి బతుకుతుంది. 1953లో కాలిఫోర్నియాలో ఇది బయటపడినప్పుడు గిడ్డంగులకు గిడ్డంగులనే పట్టాలతో కప్పి విషవాయువు పట్టించారు. పూర్తిగా వదిలించుకోవడానికి పదేళ్లకు పైనే పట్టింది.

అందుకే 2011 నుంచి ఈ పురుగు ఉన్న దేశాల బియ్యాన్ని ప్రయాణికుల పెట్టెల్లో అమెరికా నిషేధించింది. ఆ జాబితాలో మన దేశం ఉంది. తర్వాత ముడి శనగలు కూడా అందులో చేరాయి. పిల్లవాడు అక్కడికి పోగానే వండుకోవాలని పాత సోనామసూరి ఐదు కిలోలు కట్టిచ్చే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఐదు కిలోలు పోతాయి, పైగా ఆ బరువుతో వెళ్లాల్సిన పచ్చడి ఇంట్లో మిగిలిపోతుంది. డాలస్‌లో, న్యూజెర్సీలో ఇండియన్ స్టోరుకు వెళితే సోనామసూరి మూటలు నిలబెట్టి ఉంటాయి.

ఆస్ట్రేలియా ఇంకా గట్టిది. 2020 నుంచి అక్కడి జాబితా చూస్తే అది పుల్లలచెరువు మండలపు పంటల పట్టికలా కనిపిస్తుంది. కంది, పెసర, అలసంద, వేరుశనగ, శనగ, ధనియాలు, జీలకర్ర, చివరికి ఎండుమిర్చి కూడా అందులో ఉన్నాయి. కళ్లంలో ఆరబోసి, తొడిమలు గిల్లి మూట కట్టిన మన మిరపకాయలు మెల్‌బోర్న్‌లో దిగలేవు. ఆ దేశం మినహాయింపు ఇచ్చేది ఫ్యాక్టరీలో వేయించి, ఉడికించి, ప్యాక్ చేసిన సరుకుకు. ఇంట్లో మూకుడులో దోరగా వేయించి రోట్లో దంచిన కందిపొడికి ఆ హామీ లేదు, అధికారి చూసి తేలుస్తాడు. కనుక ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లు ఇంటి పొడులకు బదులు లేబుల్ ఉన్న కంపెనీ పొడి ప్యాకెట్లు కొనుక్కోవడమే తెలివైన పని. రుచి తగ్గుతుంది, నిజమే. అమెరికా వెళ్లేవాళ్లకు మాత్రం ఇంటి కందిపొడి, పల్లీల కారం, నువ్వులపొడి అన్నీ హాయిగా వెళతాయి. వేయించి పొడి చేసినదానిలో మొలకెత్తే గింజ ఉండదు, పురుగు దాక్కునే సందూ ఉండదు.

కరివేపాకు రెమ్మకు నారింజ తోటతో పేచీ

తాలింపులో వేయించిన కరివేపాకుకు అభ్యంతరం లేదు. కరివేపాకు కారానికీ లేదు. పచ్చి రెమ్మకు ఉంది. కరివేపాకు చెట్టు నిమ్మ, నారింజ చెట్లకు చుట్టం. వాటి ఆకుల రసం పీల్చే సిల్లిడ్ అనే చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. ఇది నారింజ చెట్లకు పచ్చతెగులు అంటించే పురుగు. తెగులు తగిలిన చెట్టు కాయ పచ్చగానే ఉండి చేదెక్కి రాలిపోతుంది, మందు లేదు. ఫ్లోరిడాలో ఈ పురుగు 1998లో కనపడింది, తెగులు 2005లో బయటపడింది. ఆ తర్వాత అక్కడి నారింజ తోటల పని దాదాపు అయిపోయింది. అందుకే పెరట్లో కోసి తడిగుడ్డలో చుట్టిన రెమ్మలు దొరికితే వెంటనే తీసేస్తారు. పచ్చి నిమ్మకాయలు, మామిడికాయలు కూడా ఇంతే.

గసగసాలు పెడితే జైలు

పైన చెప్పినవన్నీ దొరికితే పోయేది సరుకు. ఇది దొరికితే మనిషే పోతాడు. గసగసాలు గంజాయి జాతివి కావు, నల్లమందు మొక్క గింజలు. మన కోడికూర మసాలాలో, కుర్మాలో మామూలుగా వేసేవే. దుబాయ్, అబుదాబి ఉన్న యూఏఈలోనూ, సౌదీలోనూ, సింగపూర్‌లోనూ ఇవి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. వంటకని తెచ్చుకున్నాం అన్నా వినరు. గల్ఫ్‌కు పనికి పోయే కుర్రాళ్లకు ఇంట్లో కట్టే గరం మసాలా పొడిలో గసగసాలు వేశారేమో పొట్లం కట్టకముందే అడగాలి. పక్కింటివాళ్లు 'మా తమ్ముడికి ఇవ్వు నాయనా' అని ఇచ్చిన మూటను విప్పి చూడకుండా పెట్టెలో పెట్టుకోకూడదు. దుబాయ్‌లో విమానం మారి అమెరికా పోయేవాళ్లకు కూడా ఇదే మాట. మీరు దిగేది అక్కడ కాకపోయినా మీ పెట్టె ఆ నేల మీద స్కానింగు కిందికి వెళుతుంది.

ఎండుకొబ్బరి మండే సరుకు

విమానయాన నియమాల్లో ప్రమాదకర వస్తువులకు నంబర్లు ఉంటాయి. ఎండుకొబ్బరి నంబరు UN 1363. తనంతట తానే వేడెక్కి అంటుకునే వస్తువుల తరగతిలో దాన్ని చేర్చారు. ఎండిన కొబ్బరిలో బరువులో సగానికి పైన నూనే. ఆ నూనె గాలితో కలిసినప్పుడు వేడి పుడుతుంది, మూటలో ఆ వేడి బయటికి పోలేక పెరుగుతుంది. ఓడల్లో కొబ్బరి గుట్టలు ఇలా కాలిపోయిన అనుభవం మీద వచ్చిన నియమం ఇది. అందుకే దాన్ని విమానంలోకి రానివ్వరు. రెండు చిప్పల కొబ్బరి అంటుకుంటుందా అని వాదించి లాభం లేదు. శబరిమల భక్తుల ఇరుముడిలో కొబ్బరికాయను క్యాబిన్‌లోకి అనుమతించడానికి 2024 అక్టోబరులో ప్రభుత్వం ప్రత్యేకంగా ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది, అదీ ఆ దీక్షల కాలానికే.

నూనె ఎందుకు కారుతుంది

పచ్చడి సీసా ఇంట్లో తలకిందులు చేసినా చుక్క కారదు. దిగాక చూస్తే బట్టలన్నీ ఎర్రగా ఉంటాయి. మూత చెడిందని తిట్టుకుంటాం. తప్పు మూతది కాదు, సీసాలో మిగిలిన గాలిది.

విమానం పైన ఎగురుతున్నప్పుడు లోపలి గాలి ఒత్తిడి సుమారు 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతే ఉంటుంది. సామాన్ల గదిలో కూడా అంతే. నేల మీది ఒత్తిడిలో అది ముప్పాతిక వంతు. సీసాలో నేల మీద మూత పెట్టిన గాలి అక్కడ మూడోవంతు ఎక్కువ చోటు కోరుతుంది. సగం ఖాళీగా ఉన్న సీసాలో ఆ గాలి ఎక్కువ, అది నూనెను మరల గుండా బయటికి నెడుతుంది. మన పెట్టె అప్పటికే మాచర్ల, సాగర్ రోడ్డు మీద కారు డిక్కీలో కుదుపులు తిని ఉంటుంది.

అందుకని సీసాలు మానేసి దళసరి పౌచుల్లో కట్టాలి. ఆవకాయ అయితే ముక్కలు ఊరిన తర్వాత పైన తేలిన నూనె వంచేసి, పిండీ ముక్కా మాత్రమే అరకిలో చొప్పున నింపాలి. చేత్తో అదిమి గాలి పోగొట్టి, మూతిని వేడితో అతికించాలి. ఆ పౌచును ఇంకో పౌచులో పెట్టి మళ్లీ అతికించాలి. విజయవాడ, హైదరాబాద్ పచ్చళ్ల కొట్లలో బయటి సరుకు తెచ్చినా డబ్బు తీసుకుని ప్యాక్ చేసేవాళ్లు ఉన్నారు. ఉప్పు, కారం, ఆవపిండి ఉన్నంతకాలం నాలుగు రోజులకు పాడయ్యేది కాదు. దిగిన తర్వాత నువ్వుల నూనె గానీ వేరుశనగ నూనె గానీ కాచి చల్లార్చి పోసుకుంటే సరి. మామిడికాయ దొరికేది ఏప్రిల్, మే నెలల్లో, చదువులకు పిల్లలు బయలుదేరేది జూలై, ఆగస్టుల్లో కాబట్టి ఆవకాయ అప్పటికి బాగా ఊరి కుదుటపడి ఉంటుంది. ప్రయాణానికి ముందురోజు నూరిన గోంగూర అంత నమ్మకస్తురాలు కాదు, ఆకులో తడి మిగిలితే పులుస్తుంది.

ఇక్కడ ఒక గుర్తు తెలుసుకోవాలి. గాల్లో ఉన్నప్పుడు పౌచు ఉబ్బడం సహజం, దిగాక మామూలు ఒత్తిడిలో మళ్లీ చప్పబడుతుంది. గదికి చేరాక కూడా దిండులా ఉబ్బే ఉందంటే లోపల పచ్చడి పులిసి గాలి పుట్టిందన్నమాట. విప్పగానే బుడగలు, పుల్లటి వాసన వస్తాయి. అది పారేయాల్సిందే.

ఒక పెట్టె సర్దుదాం

పుల్లలచెరువు నుంచి ఒక అబ్బాయి డాలస్‌కు, దోహాలో విమానం మారి వెళుతున్నాడు అనుకుందాం. టికెట్ మీద 23 కిలోల పెట్టెలు రెండు, క్యాబిన్‌లో 7 కిలోలు అని ఉంది. బట్టలు, కుక్కరు, దుప్పటి, పుస్తకాలు పోను తిండికి ఎనిమిదిన్నర కిలోలు మిగిలాయి. మంచం మీద అమ్మ పరిచినవి అంతకు రెట్టింపు.

పక్కకు పోయినవి ఇవి: బియ్యం, నాటుకోడి పచ్చడి, రెండు ఎండుకొబ్బరి చిప్పలు, కరివేపాకు రెమ్మలు. కందిపప్పు, చింతపండు కూడా తీసేశారు. వాటిని ఎవరూ వద్దన్నందుకు కాదు, డాలస్ కొట్లో దొరికేదానికి ఇక్కడి నుంచి బరువు మోయడం దండగ కనుక. బొబ్బట్లు ప్రయాణం అయ్యేలోపే జిగురొస్తాయి కనుక అవీ పోయాయి.

మిగిలినవి తూకం వేశారు. ఆవకాయ కిలోన్నర, పండుమిర్చి పచ్చడి కిలో, నూనెలో బాగా మగ్గించి తడి ఇగిర్చిన గోంగూర కిలో. ఇంటి మిరపకాయలు పట్టించిన కారం కిలోన్నర, ఎందుకంటే మన కారం రంగూ ఘాటూ అక్కడి ప్యాకెట్లో రావు. కందిపొడి కిలో, కరివేపాకు కారం అరకిలో. అరిసెలు కిలో, పప్పుచెక్కలు కిలో. అరిసెలు నూనె పిండి, గాలికి ఆరబెట్టి, పొరకూ పొరకూ మధ్య కాగితం వేసి డబ్బాలో పెట్టారు. వేడిగా మూత పెడితే చెమ్మ పట్టి వారంలో బూజొస్తుంది. ఎనిమిదిన్నర కిలోలు సరిగ్గా సరిపోయాయి. పచ్చళ్లన్నీ ఒకే పెట్టెలో పెట్టకుండా రెంటిలో పంచారు, ఒక పెట్టె ఆలస్యమైతే రెండోదానితో వారం గడుస్తుంది.

బరువెక్కువైనప్పుడు చేసే పొరపాటు

శంషాబాద్ చెక్-ఇన్ కౌంటర్ల ముందు నేల మీద పెట్టెలు విప్పి కూర్చున్న కుటుంబాలు ఎప్పుడూ కనిపిస్తాయి. కిలోన్నర ఎక్కువైంది అనగానే చేతికందిన పచ్చడి పొట్లం తీసి క్యాబిన్ బ్యాగులోకి తోస్తారు. పది నిమిషాల తర్వాత సెక్యూరిటీలో అది పోతుంది. ఆవకాయ, గోంగూర, తేనె, నెయ్యి వాళ్ల లెక్కలో ద్రవాలు. 2006 ఆగస్టులో లండన్ నుంచి అమెరికా వెళ్లే విమానాల్లో ద్రవ పేలుడు పదార్థాలు పెట్టే కుట్ర బయటపడ్డాక 100 మిల్లీలీటర్ల నియమం వచ్చింది. కారం పొడినీ మన విమానాశ్రయాల్లో క్యాబిన్‌లోకి రానివ్వరు, ఎవరి కళ్లలోనైనా కొట్టొచ్చు కదా. అమెరికా వెళ్లే విమానాల్లో 2018 నుంచి పొడులకు కూడా హద్దు పెట్టారు. ఒక పానీయం డబ్బాకు సరిపడే 350 మిల్లీలీటర్లు దాటితే వాటిని విప్పించి విడిగా పరీక్షిస్తారు. అందుకని బరువు తగ్గించాల్సి వస్తే కుక్కరు మూతో, జీన్స్ ప్యాంటో, పుస్తకాలో పైకి తీయాలి. పచ్చడి కిందే ఉండాలి. చెక్కలు, అరిసెల వంటి పొడి తినుబండారాలు క్యాబిన్‌లోకి పోతాయి.

విమానాశ్రయంలో ఏం కొనాలి

సెక్యూరిటీ దాటాక దుకాణాల్లో కొన్న ద్రవానికి 100 మిల్లీలీటర్ల అడ్డు ఉండదు, నిజమే. కానీ దోహాలోనో, దుబాయ్‌లోనో విమానం మారేటప్పుడు మళ్లీ పరీక్ష ఉంటుంది. దుకాణంవాడు అతికించి ఇచ్చిన పారదర్శక సంచీని విప్పకుండా, రసీదు లోపల కనపడేలా ఉంచుకోవాలి. దాహం వేసి సంచీ చింపితే లోపలిది మామూలు ద్రవం అయిపోతుంది. జామ్, తేనె, పెర్‌ఫ్యూమ్ లాంటివి చివరి విమానాశ్రయంలో కొనడం మేలు.

మన దగ్గర కొనదగినవి లేబుల్ ఉన్న పొడి సరుకులు. హైదరాబాదీ బిస్కెట్లు, పాలు కలవని మిఠాయి డబ్బాలు. ప్యాకెట్ మీద పదార్థాల పట్టిక ఇంగ్లీషులో అచ్చై ఉంటుంది కనుక అధికారి చదువుకుని వదిలేస్తాడు. ఇంటి సరుకుకు ఆ సుఖం లేదు. ధర మాత్రం ఊళ్లో కొన్నదానికంటే ఎక్కువే పడుతుంది, అందుకని అదే బిస్కెట్ డబ్బా హైదరాబాద్ కొట్లో ముందురోజే కొనడం ఉత్తమం. నీళ్ల సీసా ఖాళీగా తీసుకెళ్లి, సెక్యూరిటీ దాటాక అక్కడ పట్టుకోవచ్చు.

అబుదాబి మీదుగా అమెరికా వెళ్లేవాళ్లకు ఇంకో విశేషం. 2014 జనవరి నుంచి అమెరికా అధికారులు అక్కడే కూర్చుని తనిఖీ చేస్తున్నారు. అమెరికాలో దిగాక జరిగే ఇమ్మిగ్రేషన్, సామాను ప్రశ్నలు అబుదాబిలోనే అయిపోతాయి. 'తిండి ఏమైనా ఉందా' అనే ప్రశ్న అక్కడే వస్తుంది, నిద్రకళ్లతో.

చెబితే పోయేది సరుకు, దాస్తే పోయేది డబ్బు

ఆ ప్రశ్నకు జవాబు ఉందనే చెప్పాలి. కుర్రాళ్లు చాలామంది భయంతో లేదంటారు. అమెరికాలో తిండి ఉందని చెప్పి, అందులో నిషేధించినది ఏదైనా ఉంటే అది తీసి పారేస్తారు, అంతటితో సరి. చెప్పకుండా పట్టుబడితే జరిమానా వందల డాలర్లతో మొదలై 10 వేల డాలర్ల దాకా పోవచ్చు. ఆస్ట్రేలియాలో జరిమానా వేల డాలర్ల దాకా పోవచ్చు. విజిటర్ వీసా మీద వచ్చి ఇలా దాచినవాళ్ల వీసా రద్దు చేసే అధికారం అక్కడి అధికారులకు 2019లో వచ్చింది. ఆ ఏడాది ఒకావిడ పంది మాంసం దాచి తెచ్చి అలాగే వెనక్కి వెళ్లింది.

చెప్పేటప్పుడు 'హోమ్ ఫుడ్' అని ఊరుకోవద్దు. 'మ్యాంగో పికిల్, రోస్టెడ్ లెంటిల్ పౌడర్, చిల్లీ పౌడర్, నో మీట్, నో రైస్' అని నాలుగు ముక్కల్లో చెబితే ఎక్స్‌రే దగ్గర పెట్టె విప్పే పని కూడా చాలాసార్లు తప్పుతుంది. ఇవే మాటలు ప్రతి పౌచు మీదా మార్కరుతో, పెట్టె లోపలి మూత మీద ఒక కాగితంలోనూ రాసి పెట్టండి. పౌచు మీద నూనె జిడ్డు ఉంటే సిరా నిలవదు, ముందు బట్టతో తుడిచి రాయండి.